బ్యాగు రాలేదు కదా? యెస్ అనాలా, నో అనాలా?

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైన దగ్గర్నుంచి బడంగ్‌పేట్, బాలాపూర్, నాదర్‌గుల్ వైపు ఇళ్లలో షిఫ్టు డ్యూటీ మామూలు మాటైపోయింది. చెకిన్ కౌంటర్, సామాను విభాగం, కార్గో, హోటల్ రిసెప్షన్, విమాన సంస్థల చాట్ సెంటర్... ఏ పనికి పోయినా ఇంగ్లీషులో రాయాల్సింది ఏదో ఒకటి తగులుతుంది. అందులో ఎక్కువ భాగం వ్యాసాలూ కాదు, లేఖలూ కాదు. సంభాషణలు. చాట్‌లో కూర్చున్నవాళ్లు రోజంతా రాసేది సంభాషణే. కౌంటర్ ఉద్యోగాల శిక్షణలో రోల్‌ప్లే రాయమంటారు. కొన్నిచోట్ల రాత పరీక్షలోనే ‘సామాను రాని ప్రయాణికుడితో మీరు మాట్లాడిన తీరు సంభాషణగా రాయండి’ అని అడుగుతారు.

ఈ రాతలు దిద్దేవాళ్లకు మనవాళ్ల ఇంగ్లీషులో మొదట కంటపడేది స్పెల్లింగ్ కాదు, ప్రతి వాక్యం చివరా అతికించిన ‘ఇజంట్ ఇట్’. ఆ వెనకే ఎదుటివాడి మొండి ‘యెస్’. ఈ రెండూ ఒకే కుదురు నుంచి పుట్టిన చిక్కులు కాబట్టి కలిపే చూద్దాం. ఇలాంటి పరీక్షకు కూర్చున్నవాళ్లు సాధారణంగా రాసే ముక్క ఒకటి తయారుచేసి ఇక్కడ పెడుతున్నాను.

స్టాఫ్: యు కేమ్ ఫ్రమ్ దుబాయ్, ఇజంట్ ఇట్?
ప్యాసింజర్: యెస్.
స్టాఫ్: యువర్ బ్యాగ్ డిడ్ నాట్ కమ్, ఇజంట్ ఇట్?
ప్యాసింజర్: యెస్.
స్టాఫ్: యు హ్యావ్ ది బ్యాగేజ్ ట్యాగ్, ఇజంట్ ఇట్?
ప్యాసింజర్: యెస్, ఐ హ్యావ్.
స్టాఫ్: యు విల్ వెయిట్ హియర్, ఇజంట్ ఇట్?
ప్యాసింజర్: ఓకే.

ఇది రాసిన మనిషి మనసులో ఏముందో మనకు వెంటనే తెలుస్తుంది. ‘దుబాయ్ నుంచి వచ్చారు కదా? బ్యాగు రాలేదు కదా? ట్యాగ్ ఉంది కదా? ఇక్కడ ఆగుతారు కదా?’ తెలుగులో ఈ నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. మన ‘కదా’కు ముందున్న వాక్యంతో పేచీ లేదు. వచ్చారన్నా, రాలేదన్నా, రేపన్నా, నిన్నన్నా, ఆయనన్నా, ఆవిడన్నా అదే కదా, తెలంగాణ మాటలో అదే గదా. హిందీలో ‘నా’, ఫ్రెంచిలో, జర్మన్‌లో కూడా ఇలా మారకుండా ఉండే తోకలు ఉన్నాయి. లండన్ వీధుల్లో కుర్రకారు ‘ఇన్నిట్’ అంటూ అన్నింటికీ ఒకటే వాడేస్తారు. కాబట్టి మనవాళ్లు చేసింది తెలివితక్కువ పని కాదు. కానీ ఆఫీసు రాతలో వాడే ఇంగ్లీషు దీన్ని ఒప్పుకోదు. అక్కడ క్వశ్చన్ ట్యాగ్ తన ముందున్న వాక్యంలోని క్రియను చూసుకుని, దాని ప్రకారమే రూపం మార్చుకుంటుంది. ‘ఇజంట్ ఇట్’ అంటే ‘అది కాదా’ అని. ముందు వాక్యంలో ‘ఇట్’ గానీ, ‘ఈజ్’ గానీ లేకపోతే ఏది కాదా అన్నది తేలదు.

మరి సరైన ట్యాగ్ పట్టుకోవడం ఎట్లా? పట్టికలు బట్టీ పట్టనక్కర్లేదు. వాక్యాన్ని మనసులో ముందు మామూలు ప్రశ్నగా మార్చండి. అప్పుడు ముందుకొచ్చి నిలబడే చిన్న క్రియే మీకు కావాల్సింది. ‘షీ వర్క్స్ ఇన్ కార్గో’ను ప్రశ్న చేస్తే ‘డజ్ షీ వర్క్ ఇన్ కార్గో?’ అవుతుంది. ముందుకొచ్చింది ‘డజ్’. వాక్యం అవునన్నట్టుంది కాబట్టి ట్యాగ్ కాదన్నట్టుండాలి. అందుకే ‘డజంట్ షీ?’ అదే వాక్యం ‘షీ డజంట్ వర్క్ ఇన్ కార్గో’ అయితే ట్యాగ్ తిరగబడి ‘డజ్ షీ?’ అవుతుంది. చివర పేరు రాకూడదు, సర్వనామమే రావాలి. పేరు ఎంత పెద్దదైనా ‘హీ, షీ, ఇట్, దే’లలో ఒకటిగా కుదించుకోవాలి.

ఈ లెక్కన పై ముక్కలో మొదటి వరుస చూడండి. ‘యు కేమ్ ఫ్రమ్ దుబాయ్’. ప్రశ్న చేస్తే ‘డిడ్ యు కమ్?’ అంటే ట్యాగ్ ‘డిడంట్ యు?’ వాక్యంలో ఎక్కడా ‘డిడ్’ కనబడదు, ‘కేమ్’ లోపల దాక్కుని ఉంది. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఈజ్, విల్, కెన్ లాంటివి పైకి కనబడితే ఎలాగో పట్టుకుంటారు. కేమ్, వెంట్, లాస్ట్, పెయిడ్, వర్క్స్, నీడ్స్ లాంటి ఒంటి క్రియలు ఎదురైతే చేతికి ఏమీ దొరకక ‘ఇజంట్ ఇట్’ మీద పడిపోతారు. ఒంటి క్రియ కనబడితే దాని కడుపులో డు, డజ్, డిడ్‌లలో ఒకటి ఉందని గుర్తు.

రెండో వరుసను కాసేపు పక్కన పెడతాను, అసలు ప్రమాదం అందులో ఉంది. మూడోది ‘యు హ్యావ్ ది బ్యాగేజ్ ట్యాగ్’. ఇక్కడ ‘హ్యావ్’ అంటే దగ్గర ఉండటం. ప్రశ్న చేస్తే ‘డు యు హ్యావ్?’ కాబట్టి ‘డోంట్ యు?’ జవాబు కూడా ‘యెస్, ఐ డూ’ అనే రావాలి. ‘యెస్, ఐ హ్యావ్’ ఎప్పుడొస్తుందంటే, ‘హ్యావ్ యు గాట్ ది ట్యాగ్?’ అని అడిగినప్పుడు, లేదా ‘హ్యావ్ యు చెక్డ్ ది బెల్ట్?’ లాంటి ప్రశ్నకు. చిన్న జవాబు ప్రశ్నలోని మొదటి మాటనే తిరిగి అప్పజెబుతుంది. హ్యావ్‌తో మొదలైతే హ్యావ్, డు‌తో మొదలైతే డు, కెన్‌తో అయితే కెన్.

నాలుగోది అసలు ప్రశ్న కాదు, విన్నపం. ఇక్కడ ఆగండి అని చెప్పడం. తెలుగులో ‘ఆగుతారు కదా’ అంటే మర్యాదే. ఇంగ్లీషులో ‘యు విల్ వెయిట్ హియర్, వోంట్ యు?’ అని వ్యాకరణం సరిచేసి రాసినా, అలసిపోయి దిగిన మనిషికి అది ఆజ్ఞలాగే వినబడుతుంది. దీనికి ట్యాగ్ దిద్దడం మందు కాదు, ట్యాగ్ తీసేయడం మందు. ‘కుడ్ యు వెయిట్ హియర్ ఫర్ టెన్ మినిట్స్, ప్లీజ్?’ అంటే సరిపోతుంది. ఎంతసేపో చెప్పినట్టూ అవుతుంది.

ఈ పద్ధతికి లొంగనివి కొన్ని ఉన్నాయి. వాటిలో ఉద్యోగానికి పనికొచ్చేవే చెబుతాను. వాక్యంలో ‘నాట్’ లేకపోయినా కాదనే అర్థం దాచుకున్న మాటలు ఉంటాయి: నెవర్, నోబడీ, నథింగ్, హార్డ్లీ. వీటి తర్వాత ట్యాగ్‌లో మళ్లీ ‘నాట్’ రాకూడదు. ‘నోబడీ కాల్డ్ యు, డిడ్ దే?’ అన్నది సరైనది. నోబడీ ఒంటి మనిషైనా ట్యాగ్‌లో ‘దే’ అవుతుంది, నథింగ్ మాత్రం ‘ఇట్’ అవుతుంది. ‘దేర్ ఈజ్ ఎ డిలే’ అంటే ట్యాగ్‌లో కూడా ‘దేర్’ అలాగే ఉండి ‘ఇజంట్ దేర్?’ అవుతుంది. ‘ఐ థింక్’తో మొదలుపెట్టిన వాక్యంలో ట్యాగ్ ‘థింక్’ను పట్టించుకోదు, లోపలి విషయాన్నే చూస్తుంది: ‘ఐ థింక్ యువర్ ఫ్లైట్ హ్యాజ్ ల్యాండెడ్, హ్యాజంట్ ఇట్?’ ‘ఐ యామ్’కు ‘ఆరెంట్ ఐ’, ‘లెట్స్’కు ‘షల్ వీ’. ఈ రెండూ ఎందుకలా అని ఆలోచించే టైమ్ ఉద్యోగంలో ఉండదు, అలాగే గుర్తుపెట్టుకోవడమే.

కుదించి టైప్ చేసిన చోట ఇంకో గోతి ఉంది. పేరు పక్కన అపాస్ట్రఫీ పెట్టి ఒక్క ఎస్ అక్షరం రాస్తాం చూడండి, అది ఈజ్ కావచ్చు, హ్యాజ్ కావచ్చు. ‘ది బ్యాగ్స్ అరైవ్డ్’ అని కుదించి రాశారనుకోండి. అక్కడ ఎస్ అంటే హ్యాజ్. ట్యాగ్ ‘హ్యాజంట్ ఇట్’ కావాలి. తొందరలో ఈజ్ అనుకుని మళ్లీ మన పాత నేస్తాన్నే తెచ్చి పెడతారు. అలాగే ఒక్క డీ అక్షరం కూడా. ‘యూడ్ లైక్ ఎన్ ఐల్ సీట్’లో అది వుడ్. ‘యూడ్ బెటర్ హర్రీ’లో అది హ్యాడ్. అనుమానం వస్తే కుదింపు విప్పి పూర్తిగా రాసుకుని చూడండి.

ఇక పక్కన పెట్టిన రెండో వరుసకు వద్దాం. ‘యువర్ బ్యాగ్ డిడ్ నాట్ కమ్, ఇజంట్ ఇట్?’ ట్యాగ్ ‘డిడ్ ఇట్?’ అని ఉండాలి. అది దిద్దడం తేలిక. దాని కింద ఉన్న ‘యెస్’ సంగతే కష్టం.

మన మాటలో ‘బ్యాగు రాలేదా?’ అంటే, రాకపోతే ‘ఔను సార్, రాలే’ అంటాం. ఇక్కడ ఔను అన్నది బ్యాగు గురించి కాదు, ఎదుటివాడి మాట గురించి. ‘నువ్వన్నది నిజమే, రాలేదు’ అని. ఇంగ్లీషులో యెస్, నోలు ఎదుటివాడి మాటను పట్టించుకోవు. జరిగినదాన్నే చూస్తాయి. బ్యాగు వస్తే యెస్, రాకపోతే నో. అడిగినవాడు ఎటు తిప్పి అడిగినా ఇంతే. ‘డిడ్ యువర్ బ్యాగ్ కమ్?’ అన్నా, ‘డిడంట్ యువర్ బ్యాగ్ కమ్?’ అన్నా, ‘ఇట్ డిడంట్ కమ్, డిడ్ ఇట్?’ అన్నా రాని బ్యాగుకు జవాబు ఒక్కటే: ‘నో, ఇట్ డిడంట్.’ ‘యెస్, ఇట్ డిడంట్’ అనే వాక్యం ఇంగ్లీషులో లేదు. యెస్ పక్కన నాట్ పొసగదు, నో పక్కన నాట్ లేకుండా పొసగదు.

కౌంటర్ దగ్గర మనిషి ఎదురుగా ఉంటాడు. తల ఊపుతాడు, ఖాళీ చేతులు చూపిస్తాడు, అర్థమైపోతుంది. చాట్‌లో ఆ వసతి లేదు. ‘సో యు హ్యావెంట్ రిసీవ్డ్ ది బ్యాగ్?’ అని మీరు టైప్ చేశారు. అవతల జగిత్యాల ఆయన జెడ్డా నుంచి వచ్చి ఇంటికి చేరి, ‘యెస్’ అని కొట్టాడు. ఆయన ఉద్దేశం ఔను, అందలేదని. మీ తర్వాతి షిఫ్టులో కూర్చున్న అమ్మాయి ఆ చాట్ చదివి, ‘యెస్’ అంటే అందిందనుకుని ఫైలు మూసేస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, బ్యాగు మాత్రం ఏదో గోదాంలో ఉండిపోయింది. జపాన్ ప్రయాణికుడు, హిందీ ప్రయాణికుడు కూడా మన పద్ధతిలోనే జవాబిచ్చే అలవాటున్నవాళ్లు. కాబట్టి ఈ గందరగోళం తెలుగువాళ్లతోనే ఆగదు.

దీంట్లో డబ్బు సంగతి కూడా ఉంది. అంతర్జాతీయ ప్రయాణంలో సామాను ఆలస్యమైతే, అది చేతికందిన రోజు నుంచి 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని మాంట్రియల్ ఒప్పందం చెబుతుంది. పాడైన సామానుకైతే అందిన దగ్గర్నుంచి 7 రోజులే. అందిందా, ఏ రోజు అందింది అన్నది అంత ముఖ్యమైన చోట రాతలో రెండర్థాల ‘యెస్’ ఒకటి మిగిలిపోతే, రేపు వాదన దాని మీదే నడుస్తుంది.

అందుకని చాట్ రాసేవాళ్లకు నా సలహా ఒకటే. కాదనే ప్రశ్న వేయకండి. నిజంగా తెలుసుకోవాల్సిన చోట ట్యాగ్ కూడా వద్దు. ‘ఈజ్ ది బ్యాగ్ విత్ యు నౌ?’ అని నిలువుగా అడగండి. అప్పుడు వచ్చే యెస్‌కు ఏ భాషవాడైనా ఒకే అర్థం ఇస్తాడు. పొరపాటున కాదనే ప్రశ్న వేసి, ఒట్టి యెస్ వచ్చిందనుకోండి, దాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం చేయొద్దు. మళ్లీ అడగండి. మీరే జవాబిచ్చే వైపు ఉంటే యెస్, నోల తర్వాత చిన్న వాక్యం తప్పకుండా తగిలించండి. ‘నో, ఇట్ హ్యాజంట్ అరైవ్డ్ యెట్’ అన్నాక ఇంక సందేహానికి చోటుండదు. పైలట్లు, కంట్రోల్ టవర్ వాళ్లు రేడియోలో యెస్, నో అనరు. ‘అఫర్మ్’, ‘నెగటివ్’ అనే మాటలు వాడాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం. మన చాట్‌కు అంత కట్టుదిట్టం అక్కర్లేదు గానీ, ఒక్క అక్షరం తేడా వస్తే నష్టపోయే చోట చిన్న మాటలను నమ్మకూడదన్న బుద్ధి అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు.

ఇదే కోవలో ‘డు యు మైండ్’ ఒకటుంది. ‘డు యు మైండ్ వెయిటింగ్?’ అంటే ‘ఆగడానికి మీకు ఇబ్బందా?’ అని. దీనికి ‘యెస్’ అంటే ఇబ్బందే, ఆగను అని. ఒప్పుకోవాలంటే ‘నో’ లేదా ‘నాట్ ఎట్ ఆల్’ అనాలి. మర్యాద కొద్దీ ‘యెస్, యెస్’ అని రాసిన అభ్యర్థి తన ప్రయాణికుడి చేత పోట్లాట పెట్టించినట్టవుతుంది. సంభాషణ రాసేటప్పుడు ఈ ప్రశ్న వాడకుండా ‘కుడ్ యు’తో పని కానివ్వడం మేలు.

చిన్న జవాబుల గురించి ఇంకో మాట. ఒప్పుకునే జవాబులో కుదింపు పనికిరాదు. ‘యెస్, ఐ యామ్’ అనే రాయాలి, ‘యెస్, ఐమ్’ అని ఆపకూడదు. ‘యెస్, దే హ్యావ్’ సరి, ‘యెస్, దేవ్’ తప్పు. వాక్యం చివర నిలబడ్డ క్రియకు ఒత్తు పడుతుంది కాబట్టి దాన్ని నలిపేయడానికి వీల్లేదు. కాదనే జవాబులో మాత్రం ‘నో, ఇట్ హ్యాజంట్’ అని కుదించవచ్చు. వ్యాకరణం సరే, మర్యాద సంగతి? ప్రయాణికుడు ‘హ్యాజ్ మై బ్యాగ్ అరైవ్డ్?’ అంటే ‘నో’ అని ఆపేస్తే తలుపు మొహం మీద వేసినట్టుంటుంది. ‘ఐ యామ్ అఫ్రైడ్ నాట్’ అన్నది ఇలాంటి చేదు కబురుకే ఉన్న మాట. అందులో భయం ఏమీ లేదు, విచారమే ఉంది. దాని వెనకే ఒక పనికొచ్చే సంగతి చెప్పాలి: ఏ విమానంలో వస్తుంది, ఎప్పుడు ఫోన్ చేస్తాం.

ఇప్పుడు గొంతు సంగతి. మాట్లాడేటప్పుడు క్వశ్చన్ ట్యాగ్‌కు రెండు రాగాలు. చివర్లో గొంతు పైకి లేపితే నిజంగా అడుగుతున్నట్టు. కిందికి దించితే తెలిసిందే, ఒప్పుకోమన్నట్టు. కాగితం మీద, తెర మీద ఈ రాగం ఉండదు. రాసింది చిరాకులో ఉన్న మనిషి చదువుతాడు, చిరాకు రాగంలోనే చదువుతాడు. ‘యు ఫిల్డ్ ఇన్ ది ఫామ్, డిడంట్ యు?’ అని మీరు మెత్తగా అడిగినా ‘ఫారం నింపావా లేదా?’ అని నిలదీసినట్టు చేరుతుంది. వాక్యమూ, ట్యాగూ రెండూ ఒకే వైపు ఉండే రకం ఇంకా ప్రమాదం. ‘సో యు లాస్ట్ ది స్లిప్, డిడ్ యు?’ అంటే ఇంగ్లీషు చెవికి అది వెటకారం. వ్యాకరణం పుస్తకంలో ఇదీ ఒక రకమని ఉంటుంది. ప్రయాణికుడి మీద ప్రయోగించకండి.

చెకిన్ దగ్గర భద్రత ప్రశ్నలకైతే ట్యాగ్‌ను దగ్గరకే రానివ్వకూడదు. పవర్ బ్యాంకు చెకిన్ సామానులో వేయకూడదు, చేతి సామానులోనే ఉండాలి. దాన్ని కనుక్కోవడానికి ‘యు డోంట్ హ్యావ్ ఎ పవర్ బ్యాంక్ ఇన్ దిస్ బ్యాగ్, డు యు?’ అని రాస్తే జవాబు మనమే నోట్లో పెట్టినట్టు. క్యూలో నిలబడి విసిగిన మనిషి ‘నో’ అనేసి ముందుకు పోతాడు. ‘ఈజ్ దేర్ ఎ పవర్ బ్యాంక్ ఇన్ దిస్ బ్యాగ్?’ అంటే ఒక్క క్షణమైనా ఆలోచిస్తాడు. ఇంటర్వ్యూలో మీ సంభాషణ చదివేవాళ్లు పాతికేళ్లు కౌంటర్ చూసినవాళ్లయితే, మీ వ్యాకరణం కన్నా ముందు ఇది గమనిస్తారు.

అంటే ట్యాగులే మానేయాలా? అక్కర్లేదు. ఇద్దరికీ తెలిసిన సంగతిని మాటల్లో కలుపుకోవడానికి అవి బాగుంటాయి. ‘ఇట్ వాజ్ ఎ లాంగ్ ఫ్లైట్, వాజంట్ ఇట్?’ అన్న ఒక్క మాట ప్రయాణికుడిని కాస్త కుదుటపరుస్తుంది. వివరాలు సరిచూసుకోవడానికి మాత్రం ట్యాగ్ బదులు విడి ప్రశ్న వాడండి: ‘యు ఫ్లూ ఇన్ ఫ్రమ్ దుబాయ్ దిస్ మార్నింగ్. ఈజ్ దట్ రైట్?’ ముందు వాక్యంలో ఏ క్రియ ఉన్నా, ఏ కాలం ఉన్నా ‘ఈజ్ దట్ రైట్?’ మారదు. మన ‘కదా’ చేసే పని ఇంగ్లీషులో తప్పు లేకుండా చేసిపెట్టేది ఇదే. తొందర పనిలో ట్యాగ్ తట్టకపోతే ఫుల్‌స్టాప్ పెట్టి దీన్ని వాడుకోండి. వాక్యం చివర ‘నో?’ అని, ‘నా?’ అని తగిలించడం మాత్రం స్నేహితుల చాట్‌కే ఉంచుకోండి.

మొదటి ముక్కను ఇప్పుడు తిరగరాద్దాం, ముందు అసలు పని ఏమిటో చూసుకుని. సామాను రాకపోతే ఆగమన హాలు దాటకముందే సామాను విభాగం దగ్గర రిపోర్టు రాయించుకోవాలి. దాన్ని అందరూ పీఐఆర్ అంటారు. అందులో బ్యాగేజ్ ట్యాగ్ నంబరు, బ్యాగు రంగు, రకం, చిరునామా, ఫోన్ రాస్తారు. పది అక్షరాల ఫైలు నంబరు ఒకటి ఇస్తారు. అందులో ముందు విమానాశ్రయం కోడ్, తర్వాత విమాన సంస్థ కోడ్, ఆపైన ఐదు అంకెలు. సంభాషణ ఈ పని చుట్టూ తిరగాలి.

స్టాఫ్: గుడ్ మార్నింగ్, మేడమ్. యు ఫ్లూ ఇన్ ఫ్రమ్ దుబాయ్, డిడంట్ యు?
ప్యాసింజర్: యెస్, ఐ డిడ్. మై సూట్‌కేస్ ఇజంట్ ఆన్ ది బెల్ట్.
స్టాఫ్: ఐ యామ్ సారీ టు హియర్ దట్. డు యు హ్యావ్ యువర్ బ్యాగేజ్ ట్యాగ్?
ప్యాసింజర్: యెస్, ఐ డూ. హియర్ ఇట్ ఈజ్. హ్యాజ్ ఇట్ బీన్ లాస్ట్?
స్టాఫ్: ఐ డోంట్ థింక్ సో. ఇట్స్ స్టిల్ ఇన్ దుబాయ్. వాట్ కలర్ ఈజ్ ది సూట్‌కేస్?
ప్యాసింజర్: డార్క్ బ్లూ. విల్ ఇట్ కమ్ టుడే?
స్టాఫ్: ఐ యామ్ అఫ్రైడ్ నాట్. ఇట్స్ ఆన్ టుమారోస్ ఫ్లైట్. ప్లీజ్ కీప్ దిస్ ఫైల్ నంబర్. వీ విల్ కాల్ యు బిఫోర్ వీ డెలివర్ ఇట్.

క్వశ్చన్ ట్యాగ్ ఒక్కటే ఉంది, అదీ మొదటి పలకరింపులో, స్టాఫ్‌కు ముందే తెలిసిన విషయం మీద. తెలియనివన్నీ నిలువు ప్రశ్నలే. ప్యాసింజర్ ‘ఐ డిడ్’, ‘ఐ డూ’ అన్న చోట్ల ప్రశ్నలోని క్రియనే తిరిగి అందుకుంది. ‘హ్యాజ్ ఇట్ బీన్ లాస్ట్?’కు స్టాఫ్ యెస్, నో రెండూ అనలేదు, అనకూడదు కూడా. తెర మీద కనబడిందే చెప్పాలి. ‘ఐ డోంట్ థింక్ సో’ అందుకే. బ్యాగు పోయిందని గానీ, పోలేదని గానీ ఖరారుగా రాసి సంతకం పెట్టే అధికారం ఆ కుర్చీకి ఉండదు.

కథో, నాటికో రాస్తూ అందులో హైదరాబాదీ పాత్ర చేత ‘ఇజంట్ ఇట్’ అనిపించాలనుకుంటే నిరభ్యంతరంగా అనిపించండి. మన మనుషులు అలాగే మాట్లాడతారు. దాన్ని దిద్దితే పాత్ర చచ్చిపోతుంది. ఉద్యోగానికి రాసే సంభాషణలో స్టాఫ్ పాత్ర మీరే. అక్కడ ఆ వెసులుబాటు లేదు.

రాసింది పంపే ముందు చేయాల్సిన పని ఒకటుంది. కంప్యూటర్ మీద అయితే `Ctrl+F` నొక్కి `isn` అని వెతకండి. `isn't it` మొత్తం వెతికితే, అపాస్ట్రఫీ వంకరగా పడిన చోట్లా, అసలు అపాస్ట్రఫీ లేకుండా రాసిన చోట్లా కొన్నిసార్లు దొరక్కుండా పోతుంది. వాక్యం చివర ట్యాగ్‌గా దొరికిన ప్రతిచోటా వాక్యం వెనక్కి చూడండి. అక్కడ ఇట్, దిస్, దట్ లేదా ఏదైనా ఒక వస్తువు పేరు, దాని పక్కన నాట్ లేని ఈజ్ ఉంటే ముట్టుకోకండి, అది సరైనదే. లేకపోతే వాక్యాన్ని ప్రశ్న చేసి ట్యాగ్ మార్చండి, లేదంటే ‘ఈజ్ దట్ రైట్?’ పెట్టండి. తర్వాత `Yes` అని వెతికి, దాని పక్కన చిన్న వాక్యం లేని ప్రతి యెస్‌కూ ఒకటి తగిలించండి. పరీక్ష హాల్లో కాగితం మీద రాస్తుంటే, చివరి ఐదు నిమిషాలు రాసింది మొత్తం తిరగ చదవడానికి కాకుండా ఈ రెండింటికే కేటాయించండి.